సంధిలో దాగిన పదం: శాకల్యుని నుండి మధ్వాచార్యుల వరకు

వారపత్రికల గళ్ళ నుడికట్టులో ఒక రకం ఆధారం తరచుగా కనిపిస్తుంది. “పాప వనంలో దాగిన గాలి” అని మూడక్షరాల సమాధానం అడిగారనుకుందాం. పాప గురించి, వనం గురించి ఎంత ఆలోచించినా ఫలితం ఉండదు. “పాప”లోని చివరి అక్షరాన్ని “వనం”తో కలిపి చదివితే “పవనం” బయటపడుతుంది. గాలి అనే అర్థం అక్కడ ఉంది. దాగినదనే సూచన కూడా ఆధారంలోనే ఉంది. రెండు పదాల నడుమ ఉన్న ఖాళీ కంటిని మోసగించింది, అంతే.

సంస్కృతంలో ఈ చమత్కారం మరింత లోతైనది. తెలుగు నుడికట్టులో అక్షరాలు మారవు, విరామస్థానం మాత్రమే మారుతుంది. సంస్కృతంలో రెండు పదాలు కలిసేచోట సంధి జరిగి వర్ణాలే మారిపోతాయి. కనుక దాగిన పదం తొలి అచ్చు వేరొక రూపంలో ఉండవచ్చు, పూర్వపదం తుది అచ్చు పూర్తిగా కరగిపోవచ్చు. పైగా వేదం ప్రధానంగా చెవికి చేరే వాక్కు. సంహితాపాఠంలో పదాల నడుమ ఖాళీ లేదు. ఎక్కడ విరవాలన్నది వినేవాడే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయానికి ప్రమాణమేమిటన్న ప్రశ్న ఒకచోట వేదార్థాన్ని, మరొకచోట వినోదాన్ని, ఇంకొకచోట వేదాంత సిద్ధాంతాన్నే తాకింది.

ఋగ్వేద సంహితను పదాలుగా విడదీసి పదపాఠాన్ని కూర్చినవాడు శాకల్యుడు. ఆ పని యాంత్రికమైనది కాదు. ప్రతి విరుపు వెనుక ఒక అర్థనిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయాన్ని తరువాతివారు ప్రశ్నించిన ఘట్టం యాస్కుని నిరుక్తం 6వ అధ్యాయంలో ఉంది. అక్కడ చర్చకు వచ్చినది 10వ మండలంలోని 29వ సూక్తం మొదటి ఋక్కు, ఇంద్రుని గూర్చినది. అందులో “వాయో” అని వినిపించేచోట శాకల్యుడు “వా”, “యః” అని రెండు పదాలు చేశాడు. “వా” అంటే లేదా, “యః” అంటే ఎవడు. యాస్కుడు అక్కడ ఒకే పదాన్ని విన్నాడు. అది “వాయః”, అనగా పక్షి పిల్ల. “వి” అంటే పక్షి, దాని సంతానం వాయం. ఈ రెండు విరుపులలో దేనిని స్వీకరించినా, తరువాతి వర్ణంతో సంధి జరిగిన పిమ్మట చెవికి చేరే అక్షరాలు “వాయో” అనేవే.

యాస్కుడు తన పక్షానికి రెండు హేతువులు చూపాడు. మొదటిది స్వరం. వేదభాషలో ప్రధానవాక్యంలోని క్రియ, పాదారంభంలో లేనప్పుడు, సాధారణంగా ఉదాత్తం లేకుండా ఉంటుంది. వాక్యంలో “యః” వంటి యచ్ఛబ్దరూపం ఉంటే దానికి సంబంధించిన క్రియ ఉదాత్తాన్ని నిలుపుకొంటుంది. ఈ నియమాన్నే పాణిని కూడా సూత్రీకరించాడు. ఆ ఋక్కులో తరువాత వచ్చే క్రియకు ఉదాత్తం లేదు. శాకల్యుడు చెప్పినట్లు “యః” నిజంగా ఉండి ఉంటే ఉదాత్తం ఉండవలసింది. రెండవ హేతువు అర్థం. “ఎవడు” అని మొదలుపెట్టిన వాక్యం “వాడు” అనేదానితో ముగియాలి. అలా ముగింపు దొరకనప్పుడు అర్థం అసంపూర్ణంగా మిగులుతుంది. “పక్షి పిల్లను వనంలో ఉంచినట్లు” అని తీసుకుంటే ఆ లోటు ఉండదు.

ఈ రెండు పరీక్షలూ గుర్తుంచుకోదగినవి. స్వరం బయటి సాక్షి. అది విరుపును బట్టి మారదు, అంతకుముందే పాఠంలో నిలిచి ఉంటుంది. అర్థపూర్తి లోపలి సాక్షి. తప్పు విరుపు చేసినచోట వాక్యంలో ఏదో ఒక పదానికి ఆధారం లేకుండా పోతుంది. విశేషమేమంటే, యాస్కుడు ఇంత స్పష్టంగా ఆక్షేపించినా పదపాఠాన్ని ఎవరూ దిద్దలేదు. ఋగ్వేద పదపాఠంలో ఆ స్థానాన నేటికీ “వా”, “యః” అనే రెండు పదాలే ఉన్నాయి. నిరుక్తంలో ఆక్షేపణ కూడా అలాగే నిలిచి ఉంది. పాఠాన్ని కాపాడటం ఒక ధర్మం, దానిని విచారించటం వేరొక ధర్మం అని సంప్రదాయం భావించింది. ఒకదాని కోసం మరొకదానిని చెరపలేదు.

వేదంలో సందేహానికి కారణమైన ఈ లక్షణమే కావ్యగోష్ఠులలో క్రీడగా మారింది. సుమారు 7వ శతాబ్ది చివర కంచిలో పల్లవుల కాలంలో ఉన్న దండి తన కావ్యాదర్శం మూడవ పరిచ్ఛేదంలో ప్రహేళికలను 16 విధాలుగా విభజించాడు. ప్రహేళిక అంటే పొడుపు, గూఢోక్తి. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో కూడా ఇది ఉంది. దండి మొదట చెప్పిన భేదం పేరు “సమాగత”. పదాల సంధి చేత అర్థం మరుగుపడినదే సమాగత అని ఆయన లక్షణం. గళ్ళ నుడికట్టులోని దాగిన పదానికి మన శాస్త్రంలో పెట్టిన పేరు ఇదే అనవచ్చు.

దండి ఇచ్చిన ఉదాహరణలో కోపంతో కన్నులెర్రబడిన ప్రియురాలిని ఒకడు అనునయిస్తున్నాడు. అతని మాటలలో “మయాగోరస” అనే సముదాయం వినిపిస్తుంది. చెవి వెంటనే దానిని “మయా”, “గోరస” అని విరుస్తుంది. “మయా” అంటే నా చేత, “గోరసం” అంటే పాలు, పెరుగు వంటిది. ఇలా తీసుకుంటే “నా చేత, గోరసం ఎరిగిన మనస్సు కాదు” అని ఏదో అతుకని మాట తేలుతుంది. నా చేత ఏమి జరిగినదో చెప్పే క్రియ లేదు. అలిగిన స్త్రీకి, పాలపెరుగులకు సంబంధం లేదు. యాస్కుడు చెప్పిన అసంపూర్ణార్థం ఇక్కడ కావాలని ఉంచిన గుర్తు. విరుపు తప్పినదని అదే చెబుతుంది.

సరైన విరుపు “మే”, “ఆగోరస”. “మే” అంటే నా యొక్క. “ఆగస్సు” అంటే అపరాధం. అది “రస” శబ్దంతో చేరినప్పుడు “ఆగోరస” అవుతుంది. “మే” తరువాత “ఆ” రాగా ఏకారం “అయ్”గా మారి “మయాగోరస” అని పలుకుతుంది. అప్పుడు మాట తిన్నగా నిలుస్తుంది. “నా మనస్సు అపరాధపు రుచి ఎరుగదు, అకారణంగా ఎందుకు ఏడుస్తావు” అని భావం. గమనించవలసినది ఒకటుంది. “పాప వనం”లో దాగిన పవనాన్ని కన్ను వెతికి పట్టగలదు. ఇక్కడ “మే” అనే పదం ఏకారంతో సహా రూపు మార్చుకున్నది. అక్షరాలను ఎంత చూసినా అది కనబడదు. సంధిసూత్రం తెలిసినవాడు వెనుకకు నడిచి దానిని తిరిగి నిర్మించుకోవాలి.

ఇటువంటి మాట వల్ల ప్రయోజనమేమిటో దండి చెప్పాడు. వినోదగోష్ఠులకు, జనం నడుమ రహస్యంగా మాట్లాడుకోవడానికి, ఎదుటివారిని తికమకపెట్టడానికి ఇవి పనికివస్తాయని ఆయన అభిప్రాయం. పొడుపులో ఒక విరుపే సత్యం, రెండవది ముసుగు. సభంగశ్లేషలో మాత్రం రెండు విరుపులూ సత్యాలే. తెలుగులో 16వ శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయంలో అదే పద్యాలలో రామకథను, భారతకథను నడిపింది ఈ బలంతోనే. అక్కడ ఏ విరుపునూ త్రోసిపుచ్చనక్కరలేదు, రెండూ కవికి ఇష్టమైనవే.

శాస్త్రంలో అటువంటి స్వేచ్ఛ లేదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు 9 పర్యాయాలు చేసిన ఉపదేశం దీనికి పరమోదాహరణ. “తత్త్వమసి” అనే మహావాక్యానికి ముందున్న పదం “ఆత్మా”. శంకరభగవత్పాదులు “ఆత్మా”, “తత్” అని విరుపు గ్రహించి, ఆ సత్తే నీవని అభేదాన్ని ప్రతిపాదించారు. 13వ శతాబ్దికి చెందిన మధ్వాచార్యులు విష్ణుతత్త్వవినిర్ణయంలో అక్కడ “అతత్” అనే పదం దాగి ఉన్నదని చూపారు. “ఆత్మా”లోని చివరి దీర్ఘం, “అతత్”లోని మొదటి అకారం కలిస్తే సవర్ణదీర్ఘం వల్ల ఒక్క ఆకారమే మిగులుతుంది. వినిపించే మాటలో లేశమైనా భేదం లేదు. అర్థం మాత్రం “నీవు అది” అన్నచోట “నీవు అది కావు” అయింది.

ఇక్కడ యాస్కుని పరీక్షలు రెండూ సాయపడవు. ఛాందోగ్యం స్వరచిహ్నాలతో మనకు అందలేదు, కనుక బయటి సాక్షి మౌనంగా ఉంది. రెండు విరుపులలోనూ వాక్యం పూర్తవుతుంది, కనుక లోపలి సాక్షి కూడా ఏ పక్షమూ వహించదు. వ్యాకరణం రెండింటినీ అనుమతిస్తుంది. ఇక మిగిలిన ప్రమాణం ప్రకరణం. అందుచేతనే ఇరుపక్షాల వాదమూ ఆ అధ్యాయంలోని దృష్టాంతాల మీదికి మళ్ళింది. దారంతో కట్టిన పక్షి దిక్కులన్నీ ఎగిరి చివరికి కట్టిన చోటికే చేరుతుందని ఉద్దాలకుడన్నాడు. పక్షి వేరు, దారం వేరు, ఒకటి ఆశ్రయించేది, ఒకటి ఆశ్రయం అని మాధ్వులు. నదులు సముద్రంలో చేరి, తాము ఫలానా నది అని ఎరుగకుండా పోతాయని మరొక దృష్టాంతం. అక్కడ భేదం మిగలలేదని అద్వైతులు. ఒక్కటి తెలిస్తే సమస్తమూ తెలిసినట్లేనన్న ప్రతిజ్ఞతో ఈ ప్రకరణం మొదలైనదని, మట్టిముద్దను, కుండను ఉదాహరించినదని కూడా వారు చూపుతారు. ఆ ఉపక్రమానికి భేదబోధ పొసగదని వారి వాదం. ఎరుగకపోయినంత మాత్రాన భేదం లేకుండా పోదని మాధ్వుల సమాధానం.

“అతత్” అనేది కేవలం అక్షరాల గారడి అని తేలికగా త్రోసివేసేవారు వ్యాకరణాన్ని విస్మరిస్తున్నారు. సంధి దానికి నిజంగా చోటిచ్చింది. అలాగే, సంధి చోటిచ్చినదన్న కారణం చేత మాత్రమే అది అక్కడ ఉన్నదనటమూ చాలదు. “పాప వనం”లో పవనం ఉన్నదని నమ్మడానికి అక్షరాలు కుదరటంతోపాటు “గాలి” అన్న మాట కూడా కావలసి వచ్చింది. ఆ మాట లేకుంటే అది కేవలం యాదృచ్ఛికం. మధ్వాచార్యులూ అక్షరాల దగ్గర ఆగక 9 దృష్టాంతాలనూ తమ పక్షాన వ్యాఖ్యానించింది అందుకే. విరుపు ఒక అవకాశాన్ని మాత్రమే చూపుతుంది, నిర్ణయం దాని చుట్టూ ఉన్న వాక్కు నుండి రావాలి. ఈ విషయంలో ఇరుపక్షాల ఆచార్యులకూ భేదం లేదు.