డి.ఎన్.ఎ.లో రెండవ పోగు: ఒకాజాకి తునకల కథ

డి.ఎన్.ఎ. అణువు రెండు పోగులు పెనవేసుకొన్న నిచ్చెన వంటిదని 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు తెలియజేశారు. పోగులు రెండూ విడిపోయి, ఒక్కొక్కటి మూసగా నిలిచి, దాని ప్రక్కన కొత్త పోగు తయారవుతుందని కూడా వారు సూచించారు. చెప్పటానికి ఇది సులభంగానే ఉన్నది. కాని ఆ కొత్త పోగులను కణం నిజంగా ఎట్లా అల్లుతుందో తెలుసుకొనటానికి మరి ఇరవై సంవత్సరాలు పట్టింది.

చిక్కు ఎక్కడ ఉన్నదో మొదట చూడాలి. డి.ఎన్.ఎ. పోగుకు రెండు కొసలు ఉంటాయి. అవి ఒకటి వంటివి కావు. ఒక కొసను 5' అనీ, రెండవ కొసను 3' అనీ అంటారు. ఇవి చక్కెర అణువులోని కార్బన్ పరమాణువుల వరుస సంఖ్యలు. నిచ్చెనలోని రెండు పోగులు ఎదురెదురు దిశలలో నడుస్తాయి. ఒకటి 5' నుండి 3'కు పైకి పోతే, రెండవది అదే దిశలో క్రిందికి వస్తుంది.

1956లో అమెరికాలో ఆర్థర్ కార్న్‌బర్గ్, ఆయన సహచరులు డి.ఎన్.ఎ.ను నిర్మించే ఎన్‌జైమును ఈ.కోలై అనే బాక్టీరియా నుండి వేరుచేశారు. దానికి పాలిమరేజ్ అని పేరు పెట్టారు. దాని స్వభావం పరిశీలించగా రెండు పట్టింపులు కనిపించాయి. మొదటిది, అది న్యూక్లియోటైడులను 3' కొసకు మాత్రమే చేరుస్తుంది. కాబట్టి పోగు 5' నుండి 3' వైపునకే పెరుగుతుంది. రెండవది, మూస ఎదుట ఉన్నా, ఏమీ లేని చోట అది పని మొదలుపెట్టలేదు. మూసకు అతుక్కొని ఒక చిన్న తునక ముందుగానే ఉండాలి. దాని 3' కొసను పొడిగించటమే దానికి వచ్చిన పని. నేతగాడు మగ్గంలో మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగును అతికి నేత సాగించినట్లే, పాలిమరేజ్ కూడా ఉన్నదానిని సాగిస్తుంది. అట్లా ముందుగా ఉండవలసిన తునకనే ప్రైమర్ అంటారు.

ఇప్పుడు నిచ్చెన ఒక వైపు నుండి విప్పుకొంటూ పోతున్నదని అనుకొనండి. ఒక మూస మీద కొత్త పోగు, విప్పు సాగే దిశలోనే, ఎడతెగకుండా పెరుగుతుంది. రెండవ మూస మీద పెరుగుదల విప్పు దిశకు ఎదురుగా జరగవలసి ఉన్నది. మరి రెండు కొత్త పోగులూ ఒకే దిశగా సాగుతున్నట్లు ఎందుకు కనిపిస్తున్నవి? దీనికి రెండే సమాధానాలు. ఒకటి, 3' నుండి 5'కు నడిచే వేరొక ఎన్‌జైము ఇంకా కనుగొనబడకుండా ఉండాలి. లేదా, రెండవ పోగు చిన్న చిన్న తునకలుగా, ఒక్కొక్కటి వెనుకకు అల్లబడి, తరువాత అతుకబడి ఉండాలి.

ఈ రెంటిలో ఏది నిజమో పరీక్షించినవారు జపానులోని నగోయా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేజి ఒకాజాకి, ఆయన భార్య త్సునెకో ఒకాజాకి. వారి తర్కం ఇది. తునకలు ఉంటే అవి అతుకబడేవరకే ఉంటాయి. కావున అప్పుడే పుట్టిన డి.ఎన్.ఎ.ను పట్టుకొనాలి. కాని వెచ్చని పాత్రలో, అనగా 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఈ.కోలై సెకనుకు సుమారు వేయి న్యూక్లియోటైడులు చేరుస్తుంది. తునక పుట్టి అతుకుపడటం రెప్పపాటులో జరిగిపోతుంది. అందువల్ల వారు బాక్టీరియాను 20 డిగ్రీలకు చల్లార్చి పని మందగింపజేశారు. రేడియో ధార్మిక హైడ్రోజన్ గల థైమిడిన్‌ను కొద్ది సెకనులు మాత్రమే అందించి, వెంటనే చర్యను ఆపివేశారు. ఆ సెకనులలో తయారైన డి.ఎన్.ఎ.కు మాత్రమే ధార్మికత అంటుతుంది.

తరువాత క్షారంలో కరిగించి పోగులను విడదీశారు. అడుగుకు పోయేకొద్దీ చిక్కదనం హెచ్చే పంచదార ద్రావణం మీద ఆ ద్రవాన్ని పోసి, మహావేగంతో తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో ఉంచారు. పొడుగాటి పోగులు లోతుకు పోతాయి. పొట్టివి పైననే నిలుస్తాయి. ద్రవాన్ని పొరలు పొరలుగా సేకరించి ధార్మికత కొలిచారు. అయిదు, పది సెకనులు అందించిన నమూనాలలో ధార్మికత పై పొరలలోనే ఎక్కువగా కనిపించింది. అక్కడి తునకల పొడవు సుమారు 1000 నుండి 2000 న్యూక్లియోటైడులు. ఎక్కువ సేపు అందించిన నమూనాలలో ధార్మికత పొడుగు పోగులకు తరలింది. అనగా మొదట పుట్టినవి తునకలు. తరువాత అవి పెద్ద పోగులో చేరాయి. 1968లో ఈ ఫలితాలు ప్రకటింపబడ్డాయి. తునకలను అతికే లైగేజ్ అనే ఎన్‌జైము 1967లోనే అనేక ప్రయోగశాలలలో కనుగొనబడింది. ఆ ఎన్‌జైము పాడైన టి4 అనే బాక్టీరియా వైరస్‌ను పరీక్షించగా, తునకలు అతుకుపడక పోగుపడ్డాయి. ఊహకు ఇంతకన్న మంచి సాక్ష్యం అవసరం లేదు.

ఈ రెండవ పోగును వెనుకబడు పోగు అంటారు. ఈ.కోలై క్రోమోసోములో సుమారు 46 లక్షల జతలు ఉన్నవి. ఒకసారి నకలు తీయునప్పుడు అంత పొడవుగల వెనుకబడు పోగు తయారవుతుంది. తునక 1500 న్యూక్లియోటైడులైతే, సుమారు మూడు వేల తునకలు కావాలి.

ఇప్పుడు పాత పట్టింపు మళ్ళీ ఎదురవుతుంది. పాలిమరేజ్ సొంతంగా మొదలుపెట్టలేదు. ముందు నడిచే పోగుకు ప్రైమర్ ఒకటి చాలు. కాని మూడు వేల తునకలకు మూడు వేల ప్రైమర్లు కావాలి. అవి ఎక్కడివి?

సమాధానం ఆర్.ఎన్.ఎ.లో దొరికింది. ఆర్.ఎన్.ఎ. నిర్మించే ఎన్‌జైములు పాత తునక లేకుండానే పని మొదలుపెట్టగలవు. 1971లో కార్న్‌బర్గ్ బృందం ఎమ్13 అనే వైరస్‌ను పరిశీలిస్తూ, ఆర్.ఎన్.ఎ. తయారీని ఆపే రిఫాంపిసిన్ అనే మందు వేస్తే దాని డి.ఎన్.ఎ. రెట్టింపు కూడా ఆగిపోతున్నదని చూసింది. మరుసటి సంవత్సరం, 1972లో, ఒకాజాకి బృందం కొత్త తునకల మొదట ఆర్.ఎన్.ఎ. అంటుకొని ఉన్నదని చూపింది. ఈ.కోలైలో తునకలకు ఆ ఆర్.ఎన్.ఎ.ను వ్రాసేది ప్రైమేజ్ అనే ప్రత్యేక ఎన్‌జైము. దానిని రిఫాంపిసిన్ ఆపలేదు. ప్రైమర్ సుమారు పది న్యూక్లియోటైడుల తునక.

1968లో ఈ ఆర్.ఎన్.ఎ. ఎందుకు కనిపించలేదు? క్షారం ఆర్.ఎన్.ఎ.ను ఛేదిస్తుంది, డి.ఎన్.ఎ.ను ఛేదించదు. పోగులను విడదీయటానికి వాడిన క్షారమే, తెలియకుండా, ప్రైమర్లను కూడా తీసివేసింది. పైగా కణంలోనే ప్రైమర్ కొద్ది కాలమే ఉంటుంది. అందుచేత చాలా తునకలకు అది ఉండదు. ఈ రెండు కారణాలవల్ల ప్రైమర్‌ను పట్టుకొనటం తునకలను పట్టుకొనటంకన్న కష్టమైంది.

తునక పూర్తికాగానే పాలిమరేజ్ I అనే ఎన్‌జైము ముందు తునకలోని ఆర్.ఎన్.ఎ.ను కొరుకుతూ, ఆ ఖాళీని డి.ఎన్.ఎ.తో నింపుతుంది. చివరకు మిగిలిన చీలికను లైగేజ్ అతుకుతుంది.

కణం ఇంత చుట్టు దారి ఎందుకు పట్టింది? దీనికి శాస్త్రజ్ఞులు ఇచ్చే వివరణ ఇది. పాలిమరేజ్ ఒక న్యూక్లియోటైడును చేర్చేముందు, వెనుకటిది సరిగా జతపడిందో లేదో చూస్తుంది. తప్పయితే దానిని తీసివేస్తుంది. వెనుక ఏమీ లేని చోట దేనిని చూస్తుంది? మొదటి న్యూక్లియోటైడులలో తప్పులు దొర్లితే పట్టుకొనే మార్గం ఉండదు. అందుచేత ఆ తప్పుల భాగం ఆర్.ఎన్.ఎ. అనే వేరు పదార్థంతో వ్రాయబడుతుంది. అది ఆర్.ఎన్.ఎ. కనుక తీసివేయవలసినదిగా గుర్తు దొరుకుతుంది. 5' వైపు పెరిగే ఎన్‌జైము లేకపోవటానికి కూడా ఇదే సంబంధం ఉన్నది. చేరబోయే న్యూక్లియోటైడు తన మూడు ఫాస్ఫేట్ల శక్తిని తానే తెచ్చుకొంటుంది. ఎదురు దిశలో పెరిగితే ఆ శక్తి పెరుగుతున్న కొసన ఉండాలి. తప్పును తీసివేసినప్పుడు ఆ శక్తి కూడా పోతుంది, పని ఆగిపోతుంది.

ఈ తునకలకు ఒకాజాకి తునకలనే పేరు స్థిరపడింది. మనుష్యుని కణాలలో అవి ఇంకా చిన్నవి, సుమారు 100 నుండి 200 న్యూక్లియోటైడులు మాత్రమే. హిరోషిమాలో జన్మించి, 1945లో అణుబాంబు వికిరణానికి గురి అయిన రేజి ఒకాజాకి 1975లో రక్తక్యాన్సర్‌తో 44వ ఏట మరణించారు. త్సునెకో ఒకాజాకి ఆ పరిశోధనను కొనసాగించారు.