అడ్డా కూలీ, నెల జీతగాడు: సర్వర్‌లెస్ వెనుక ముప్పై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో సర్వర్‌లెస్ ఫంక్షన్ల గురించి మాట్లాడుకున్నాం కదా, ఆ కథను ఇంకాస్త వెనక్కి తీసుకెళ్లి రాస్తున్నాను. ఇదేదో కొత్త సంగతని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో ఇది 1993 నాటి తగాదా.

ఆ ఏడాది ఎన్‌సీఎస్ఏ వాళ్ల వెబ్ సర్వర్‌తో సీజీఐ అనే పద్ధతి వచ్చింది. ఎవరైనా పేజీ అడిగితే సర్వర్ ఒక కొత్త ప్రోగ్రామ్‌ను లేపుతుంది. అది జవాబిచ్చి చచ్చిపోతుంది. మన అడ్డా మీద కూలీ లాగా: పని ఉంటే పిలుపు, పని అవగానే సెలవు. జనం తక్కువగా ఉన్నంత కాలం బాగానే నడిచింది. జనం పెరిగాక, ప్రతి రిక్వెస్ట్‌కీ ప్రోగ్రామ్‌ను లేపడానికీ, డేటాబేస్‌కు కొత్తగా కనెక్షన్ కట్టడానికే సర్వర్ అలసిపోయేది. అందుకే 1990ల మధ్యలో ఫాస్ట్‌సీజీఐ వచ్చింది. దాంట్లో ప్రోగ్రామ్ ఎప్పుడూ లేచే ఉంటుంది, నెల జీతగాడిలా. ఈ రోజు మనం ఆపకుండా నడిపే కంటైనర్ ఆ వంశంలోదే.

2014 నవంబర్‌లో అమెజాన్ లాంబ్డాను ప్రకటించి మళ్లీ అడ్డా దగ్గరికి వచ్చింది. ఒక ఫంక్షన్ కాపీ ఒకసారికి ఒకే రిక్వెస్ట్ చూస్తుంది. పది వస్తే పది కాపీలు, ఏదీ రాకపోతే సున్నా. నడిచిన సమయానికే డబ్బు. మొదట్లో ఆ సమయాన్ని 100 మిల్లీసెకన్లకు పైకి సవరించేవాళ్లు, 2020 డిసెంబర్ నుంచి 1 మిల్లీసెకను లెక్క.

ఇక్కడ గల్ఫ్‌లో మనకు బాగా తెలిసిన యాప్‌నే తీసుకుందాం: రూపాయి రేటు చూపించేది. రోజంతా ఖాళీ. జీతాలు పడిన రోజో, రూపాయి సడన్‌గా పడిపోయిన పూటో జనం ఒక్కసారిగా మీద పడతారు. నెలకు 30 లక్షల రిక్వెస్ట్‌లు, ఒక్కోటి 200 మిల్లీసెకన్లు, 512 ఎంబీ మెమరీ అనుకోండి. వర్జీనియా ప్రాంతం మామూలు రేట్లతో, ఉచిత కోటా కలపకుండా, లాంబ్డాకు సుమారు 5.6 డాలర్లు. అదే ఫార్గేట్‌లో అర వీసీపీయూ, 1 జీబీ కంటైనర్లు రెండు నెలంతా నడిపితే దాదాపు 36 డాలర్లు. రెండిటి ముందూ పెట్టే గేట్‌వే, లోడ్ బ్యాలెన్సర్ ఖర్చులు వేరు. నెలకు సుమారు కోటీ తొంభై లక్షల రిక్వెస్ట్‌లు దాటితే గానీ కంటైనర్ చవక కాదు.

ఇంత తేలికైతే రాయడానికి ఏముంది? అసలు కథ ఆ రద్దీ నిమిషంలో ఉంది.

సెకనుకు 300 రిక్వెస్ట్‌లు వచ్చాయనుకోండి. ఒక్కోటి 0.2 సెకను పడితే ఒకేసారి 60 కాపీలు నడుస్తాయి. ఒక్కో కాపీకి ఒక డేటాబేస్ కనెక్షన్. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఇచ్చేది 100, కాబట్టి సరిపోయినట్టే. కానీ డేటాబేస్ కొంచెం తడబడి, జవాబుకు 2 సెకన్లు తీసుకుందా, అదే 300కి 600 కాపీలు కావాలి. లాంబ్డా అడ్డం చెప్పదు, ఒక ప్రాంతంలో దాని మామూలు పరిమితి 1000. అప్పుడు లాగ్‌లో ఈ లైను వరసగా కనిపిస్తుంది:

```
FATAL: sorry, too many clients already
```

ఇది చూస్తే ఫంక్షన్‌ను తిట్టకండి, అది తన పని చేస్తోంది. 1990ల్లో సీజీఐని ముంచిన సంగతే మళ్లీ వచ్చింది, అంతే. అమెజాన్ కూడా చివరికి మధ్యలో కనెక్షన్లు పంచే ఆర్‌డీఎస్ ప్రాక్సీని 2020లో తేవాల్సి వచ్చింది.

కంటైనర్లకు ఈ జబ్బు రాదు. ఒక్కోటి 20 కనెక్షన్లు పెట్టుకుంటే రెండిటికీ 40, మిగతావాళ్లు లైన్లో నిలబడతారు. దాని జబ్బు వేరే: ఆలస్యం. ఈసీఎస్‌లో మామూలుగా వాడే ఆటోస్కేలింగ్, వరసగా మూడు నిమిషాల కొలతలు ఎక్కువొస్తే గానీ కదలదు. ఆ తర్వాత కొత్త కంటైనర్ లేవాలి. అప్పటికి రేటు చూసుకున్నవాళ్లు చూసుకున్నారు, చక్రం తిరుగుతూ ఉంటే విసుగొచ్చి మూసేసినవాళ్లు మూసేశారు. ముందే నాలుగైదు పెట్టుకుంటే ఈ బాధ లేదు, కానీ ఖాళీ రోజులకూ జీతం కట్టాలి.

2019లో గూగుల్ క్లౌడ్ రన్ ఈ రెండిటినీ కలిపింది. అది సున్నాకు దిగుతుంది, కానీ ఒక్కో కంటైనర్ మామూలుగా ఒకేసారి 80 రిక్వెస్ట్‌ల దాకా తీసుకుంటుంది. కనెక్షన్లు పంచుకోవడం మళ్లీ సాధ్యమైంది. నాకు ఈ దారే ఎక్కువ నచ్చుతుంది. నిద్ర లేచేటప్పుడు మొదటివాడు కాస్త ఆగాలి, అది మాత్రం ఇక్కడా తప్పదు.

లాంబ్డాలోనే ఉండాలంటే మాత్రం రిజర్వ్‌డ్ కాంకరెన్సీ అనే అంకె ఒకటుంది. మన రేటు యాప్‌కు దాన్ని 80 దగ్గర కడితే డేటాబేస్ 100 కింద బతుకుతుంది. 81వ రిక్వెస్ట్‌కు లాంబ్డా 429 జవాబిస్తుంది, ఫోన్‌లోని యాప్ రెండు సెకన్లు ఆగి మళ్లీ అడగాలి. అంతకంటే ముందు, నిమిషానికోసారి మారే రేటు కోసం ప్రతి ఒక్కరూ డేటాబేస్ దాకా ఎందుకు వెళ్తున్నారో చూడండి. ఆ రేటును నిమిషం పాటు క్యాష్‌లో పెడితే 300లో దాదాపు ఎవరూ అక్కడిదాకా రారు.