గలము – లగము

గురువులోని ‘గ’, లఘువులోని ‘ల’ కలిసి గలము, తారుమారై లగము అను పేర్లు ఏర్పడినవి. షేక్‌స్పియరు నాటకముల పేర్లవంటి ఆంగ్లపదముల ఊనికను ఈ పేర్లతోనే గుర్తింపవచ్చును. కాని మన గురులఘువులది కాలభేదము, ఆంగ్లములోనిది పలుకుబలపు భేదము.

‘హామ్లెట్’లో తొలియక్షరము బలమైనది కావున అది గలము, అనగా ట్రోకీ, ‘మాక్‌బెత్’లో మలియక్షరము బలమైనది కావున అది లగము, అనగా అయాంబు. మన కొలతకు ‘మాక్‌బెత్’ రెండు గురువులే యగును.

‘ఒథెల్లో’లో నడిమియక్షరము బలమైనది. తుదినుండి జతకూర్చినచో ‘థెల్లో’ గలమై ‘ఒ’ మిగులును. మొదటినుండి కూర్చినచో ‘ఒథెల్’ లగమై ‘లో’ మిగులును. రెండు త్రోవలును ఒకే ఊనికను చేరుచున్నవి గనుక, ఒక్క మాటను బట్టి ఒక భాష గలముల నడకదో లగముల నడకదో నిర్ణయింపరాదు. పొడుగుమాటలను పెక్కింటిని విని తేల్చవలెను.