సర్పి టీకా

సర్పి టీకా: యాభై దాటినవారికి సర్పి రాకుండా వేసే సూది మందు. దీన్ని జీఎస్‌కే సంస్థ 2023లో షింగ్రిక్స్ పేరుతో భారత మార్కెట్లోకి తెచ్చింది.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గినా, దాని వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మూలాల్లో నిద్రపోతుంది. వయసుతో రోగనిరోధక శక్తి సన్నగిల్లగానే లేచి, ఒక నరం దారి వెంట, ఒంటికి ఒకవైపే, మంటతో పొక్కులుగా బయటపడుతుంది. అదే సర్పి. సర్పి నడుము చుట్టి తలాతోకా కలిస్తే ప్రాణం పోతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో ఉంది. అది నిజం కాదు. అసలు బాధ పొక్కులు మానాక నెలల తరబడి వేధించే నరాల నొప్పి.

టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దాని ప్రోటీన్ ఒకటే ఉంటుంది. కోహెడలో 58 ఏళ్ల రైతు ఒకరు జనవరిలో మొదటి డోసు భుజానికి వేయించుకున్నారనుకుందాం. రెండోది మార్చి, జులై మధ్య పడాలి. ఆటలమ్మ వచ్చిందో లేదో గుర్తులేకపోయినా రక్తపరీక్ష అక్కర్లేదు.

ఒకసారి సర్పి వచ్చినవారికీ మళ్లీ రావచ్చు. కాబట్టి వారూ వేయించుకోవచ్చు, అయితే పొక్కులు పూర్తిగా మానాకే. వచ్చిన సర్పిని ఈ టీకా నయం చేయదు.

టీకా వేయించుకున్నాక వచ్చే చెయ్యి నొప్పి, నీరసం, జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి.