బ్రంటన్ పార్కులో బేరం

2022 జులై. ఫిఫా 23లో మేనేజర్ కెరీర్ మొదలుపెట్టి కార్లైల్ యునైటెడ్‌ను ఎంచుకున్నారు. ఇంగ్లండ్‌లో నాలుగో అంచె అయిన లీగ్ టూ, ఖజానా అంతంత మాత్రం. ఓ మాదిరి స్ట్రైకర్‌ని కొనాలన్నా చాలదు. అందుకే ఆటగాళ్ల జాబితా మూసేసి స్కౌట్ల జాబితా తెరుస్తున్నారు.

ఒక్కో స్కౌట్ పేరు పక్కన రెండు వరసల చుక్కలున్నాయి. ఒకటి అనుభవానికి, ఒకటి అంచనాకి. అనుభవం ఉన్నవాడు నెలనెలా ఎక్కువ పేర్లు తెస్తాడు. అంచనా ఉన్నవాడు తెచ్చే పేర్లలో సరుకు ఎక్కువ. రెండూ నిండుగా ఉన్నవాడిని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి డబ్బు రెండో వరసకే పెట్టండి. పేర్ల గుట్ట ఎవరికి కావాలి! అలాంటి ఒకడిని బ్రెజిల్‌కి తొమ్మిది నెలలకు పంపి, ఫార్వర్డ్‌లనే వెతకమని చెప్పారు. అదే రేటింగ్ ఉన్న డిఫెండర్ కన్నా ఫార్వర్డ్‌కి ఈ ఆట ఎక్కువ ధర కడుతుంది.

మొదటి రిపోర్టు వచ్చింది. పదిహేనేళ్ల కుర్రాడు, పొటెన్షియల్ 74–92. అసలు ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండని వాడిని, కొద్ది మినహాయింపులు తప్ప, దేశం దాటించడానికి వీల్లేదు. ఫిఫా పేరు పెట్టుకున్న ఆటకి మాత్రం ఆ పట్టింపు లేదు. సంతకం పెట్టించేశారు.

ఆ 92 చూసి మురిసిపోకండి. అది ఇంకా పొగమంచే. నెల గడిచేకొద్దీ రెండంకెలూ దగ్గరవుతాయి. నవంబరు నాటికి మన కుర్రాడిది 81–89కి వచ్చింది. అతనితో పాటే, అంతే ఆశతో చేరిన ఇంకొకడిది 74–79 దగ్గర ఆగిపోయింది. వాడిని వదిలేయండి. అకాడమీలో చోటు పదహారు మందికే, వచ్చే నెల రిపోర్టుకి ఖాళీ ఉండాలి. అలాగని మంచివాడిని అక్కడే మురగబెట్టకూడదు. పై జట్టులోకి తీసుకోరా అని వాడి నుంచి సందేశం వస్తుంది, పట్టించుకోకపోతే పైసా రాల్చకుండా వెళ్లిపోతాడు.

జనవరిలో కుర్రాడికి పదహారు నిండాయి, పై జట్టులోకి తీసుకున్నారు. ఇప్పుడు అసలు రేటింగ్ బయటపడింది: 57. పొటెన్షియల్ అంకె మాయమై, దాని చోట ఒక మాట మిగిలింది: Showing great potential. అంటే 80–85 స్థాయి వాడు. నాలుగో అంచె జట్టులో ఉండే సౌకర్యం ఇక్కడే తెలుస్తుంది. రెగ్యులర్ స్ట్రైకర్‌ది అరవై పైచిలుకే కాబట్టి, అరవై ఐదో నిమిషంలో కుర్రాడిని దించినా మ్యాచ్ చేజారదు. పెద్ద క్లబ్బులో అయితే ఇతను బెంచీ మీదే ఉండేవాడు. ఆడనివాడు సరిగా పెరగడు.

ఇక ధర పెరిగే తీరు చూడండి. యూరోల్లో పెట్టుకుంటే, 57 దగ్గర విలువ సుమారు ఐదు లక్షలు. 65 దాటేసరికి పదిహేను లక్షలకు పైనే. 70 చేరితే నలభై లక్షలకు అటూ ఇటూ. పెరిగిన పాయింట్లు పదమూడే, విలువ మాత్రం ఎనిమిదింతలు. పొటెన్షియల్ ఉన్న పదిహేడేళ్లవాడికే ఈ లెక్క. ఇరవై ఐదేళ్లవాడికి అదే 70 ఉన్నా ఇంత రాదు.

2024 ఆగస్టు. రేటింగ్ 70, కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉంది. ముప్ఫై ఎనిమిది లక్షలకు బిడ్ వచ్చింది. తెర మీద ఎదుటి క్లబ్బు మేనేజర్ బల్లకి అవతల కూర్చున్నాడు. వెంటనే ఒప్పుకోకండి. యాభై ఐదు అడిగి, పైగా తిరిగి అమ్మినప్పుడు పది శాతం వాటా అన్నారు. అతను మొహం చిట్లించాడు. నలభై మూడు అన్నాడు. ఇంకా లాగితే లేచి వెళ్లిపోతాడు, ఆ బేరం అక్కడితో పోయినట్టే. నలభై ఏడుకి దిగి, వాటా మాత్రం వదలకుండా పట్టుకున్నారు. సరేనన్నాడు.

బాధగానే ఉంటుంది, కుర్రాడు ఈ సీజన్‌లోనూ గోల్స్ కొట్టేవాడే. కానీ లెక్క చూడండి. ఇంకో ఏడాది ఉంచితే విలువ పెరుగుతుంది, నిజమే. అయితే కాంట్రాక్టు కరుగుతుంది, ఆఖరి ఏడాదిలో పడ్డవాడికి ధర తగ్గుతుంది. కొత్త కాంట్రాక్టు ఇవ్వాలంటే జీతం పెంచక తప్పదు, అది లీగ్ టూ పద్దులో పట్టదు.

Has potential to be special అని కనిపించినవాడు దొరికితే మాత్రం వాడిని అమ్మకండి, జట్టును వాడి చుట్టూ కట్టుకోండి. అలాంటివాళ్లు అరుదు. అకాడమీని పోషించేది ఎనభై చిల్లర పొటెన్షియల్ వాళ్లే. డెబ్బై తాకగానే, కాంట్రాక్టు రెండేళ్లు మిగిలి ఉండగానే వాళ్లను అమ్మేయండి.