వాషింగ్టన్ ఒప్పందం: ఏ ఇంజినీరింగ్ పట్టాకు విదేశాల్లో గుర్తింపు లభిస్తుంది?

ఒక దేశంలో ఇంజినీరుగా చదివి, మరో దేశంలో ఇంజినీరుగా గుర్తింపు పొందాలనుకునే వారు మొదట ఒక ప్రశ్నకు సమాధానం చెప్పాలి. మీ చదువు మా చదువుకు సమానమని మేమెలా నమ్మాలి? ఈ ప్రశ్నను ప్రతి అభ్యర్థినీ విడివిడిగా అడిగితే పాఠ్యాంశాలు, పరీక్షలు, పని అనుభవం అన్నింటినీ మొదటి నుంచి పరిశీలించవలసి వస్తుంది. ఆ పరిశీలనను వృత్తి సంస్థలు తమలో తాము ఒక్కసారి ముగించుకుని, ఆపై ఒకరి నిర్ణయాన్ని మరొకరు అంగీకరించడమే పరస్పర గుర్తింపు ఒప్పందం. ఇంజినీరింగ్ విద్యలో ఇటువంటి ఒప్పందాలలో ప్రధానమైనది 1989లో కుదిరిన వాషింగ్టన్ ఒప్పందం. ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లండ్, న్యూజీలాండ్, బ్రిటన్, అమెరికా దేశాల సంస్థలు దానిపై మొదట సంతకం చేశాయి. ప్రస్తుతం 20కి పైగా సంస్థలు ఇందులో ఉన్నాయి.

భారతదేశం తరఫున ఇందులో సభ్యత్వం ఉన్నది జాతీయ అక్రిడిటేషన్ మండలికి. ఎన్‌బీఏ అని అందరూ పిలిచే ఈ సంస్థ 1994లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి కింద ఏర్పడి, 2010లో స్వయంప్రతిపత్తి పొందింది. 2014 జూన్ 13న వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం సంపాదించింది. ఆ వార్త వెలువడిన నాటి నుంచి ‘మన బీటెక్‌కు ఇక ప్రపంచమంతటా గుర్తింపు’ అన్న అభిప్రాయం వ్యాపించింది. అది సగం మాత్రమే నిజం.

గుర్తింపు కళాశాలకు కాదు, కోర్సుకు

ఎన్‌బీఏ అక్రిడిటేషన్ ఇచ్చేది కళాశాల మొత్తానికి కాదు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అంటూ ఒక్కొక్క కోర్సుకు విడిగా, నిర్దిష్ట కాలానికి ఇస్తుంది. ఒకే ప్రాంగణంలో ఒక బ్రాంచికి అక్రిడిటేషన్ ఉండి, పక్క బ్రాంచికి లేకపోవచ్చు. ఉన్నదానికి కూడా గడువు తీరిన తరువాత పొడిగింపు రాకపోవచ్చు.

అంతకంటే ముఖ్యమైన విభజన మరొకటి ఉంది. ఎన్‌బీఏ విద్యాసంస్థలను టైర్-1, టైర్-2 అని రెండు తరగతులుగా చూస్తుంది. జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలు, విశ్వవిద్యాలయాల సొంత విభాగాలు, స్వయంప్రతిపత్తి గల కళాశాలలు టైర్-1 కిందికి వస్తాయి. విశ్వవిద్యాలయం రూపొందించిన పాఠ్యప్రణాళికనే బోధిస్తూ, ఆ విశ్వవిద్యాలయం జరిపే పరీక్షలకే విద్యార్థులను పంపే అనుబంధ కళాశాలలు టైర్-2 కిందికి వస్తాయి. వాషింగ్టన్ ఒప్పందం వర్తించేది టైర్-1 కింద అక్రిడిటేషన్ పొందిన కోర్సులకే.

ఈ తేడాకు కారణం ఉంది. ఒప్పందం ప్రకారం కళాశాల తన విద్యార్థి ఏమి నేర్చుకుని బయటికి వెళ్లాలో ముందే నిర్ణయించుకోవాలి. నేర్చుకున్నాడో లేదో కొలవాలి. లోపం కనిపిస్తే పాఠ్యప్రణాళికను మార్చుకోవాలి. సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం తన చేతిలో లేని కళాశాల ఆ మార్పులను సొంతంగా చేసుకోలేదు. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూల పరిధిలో స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ప్రవేశ సమయంలో ‘ఎన్‌బీఏ గుర్తింపు ఉంది’ అన్న ప్రకటన రెండు రకాల కళాశాలల గోడలపైనా కనిపిస్తుంది. అది ఏ తరగతి కిందిదో మాత్రం ఆ ప్రకటనలో సాధారణంగా కనిపించదు.

సరిహద్దు ప్రాంతాల విద్యార్థులకు ఈ విషయం మరింత అవసరం. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కొంటా తహసీలుకు చెందిన కిష్టారం వంటి గ్రామాల నుంచి ఇంజినీరింగ్ చదవాలనుకునే వారికి ఒకవైపు జగదల్‌పూర్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. అది భిలాయిలోని ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంది. మరోవైపు వరంగల్‌లోని ఎన్‌ఐటీ ఉంది. ఎన్‌ఐటీ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ కాబట్టి దాని కోర్సులు టైర్-1 కింద దరఖాస్తు చేసే అర్హత కలిగినవే. విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాల విషయంలో మాత్రం స్వయంప్రతిపత్తి ఉందా, ఉంటే ఎప్పటి నుంచి అన్నది ముందుగా తెలుసుకోవాలి. చదువు నాణ్యతకూ ఈ ప్రశ్నకూ నేరుగా సంబంధం లేదు. విదేశీ సంస్థ ఆ పట్టాను ఏ దారిలో పరిశీలిస్తుందన్నది మాత్రం దీనిపైనే ఆధారపడుతుంది.

ఒకే కళాశాల, రెండు దారులు

ఉదాహరణకు ఒక కళాశాలకు స్వయంప్రతిపత్తి లభించిన తరువాత, దాని సివిల్ ఇంజినీరింగ్ కోర్సుకు 2019-20 నుంచి 2021-22 వరకు టైర్-1 కింద అక్రిడిటేషన్ వచ్చిందనుకుందాం. అక్క 2018లో, తమ్ముడు 2021లో అదే కళాశాలలో సివిల్ బీటెక్ పూర్తి చేశారు. ఇద్దరూ ఆస్ట్రేలియాకు వలస వెళ్లేందుకు వృత్తి నైపుణ్య మదింపు కోరుతూ అక్కడి వృత్తి సంస్థ ఇంజినీర్స్ ఆస్ట్రేలియాకు దరఖాస్తు చేశారు.

తమ్ముడి పట్టా అక్రిడిటేషన్ కాలంలో వచ్చింది కాబట్టి ఒప్పందం దారి అతనికి తెరిచి ఉంటుంది. గుర్తింపు పత్రాలు, పట్టా, మార్కుల పట్టికలు, జీవిత వివరాలు, ఆంగ్ల పరీక్ష ఫలితం సమర్పిస్తే చాలు. సంస్థ చూసేది పట్టా ఆ జాబితాలో ఉందా, తేదీలు సరిపోయాయా అన్నదే. అతని ఇంజినీరింగ్ పరిజ్ఞానాన్ని మళ్లీ పరీక్షించదు.

అక్క పట్టా అదే కళాశాల నుంచి వచ్చినా, ఆ కాలానికి ముందుది. ఒప్పందం వెనుకటి తేదీ నుంచి వర్తించదు కాబట్టి ఆమె సామర్థ్య నిరూపణ నివేదిక రాయవలసి ఉంటుంది. దీన్ని క్లుప్తంగా సీడీఆర్ అంటారు. చదువులోనో ఉద్యోగంలోనో తాను స్వయంగా చేసిన మూడు పనులను ఎంచుకుని, ఒక్కొక్కదాన్ని 1000 నుంచి 2500 పదాలలో వివరించాలి. పేరాలకు సంఖ్యలు వేయాలి. ఆపై సారాంశ పట్టికలో, వృత్తి ఇంజినీరుకు నిర్దేశించిన 16 సామర్థ్య అంశాలలో ఏది ఏ పేరాలో రుజువైందో చూపాలి. పట్టా తరువాత నేర్చుకున్న వాటి జాబితా కూడా జతచేయాలి.

వంతెన నిర్మాణంలో పాల్గొన్నామని రాస్తే సరిపోదు. నేల స్వభావాన్ని ఎలా అంచనా వేశారు, పునాదికి ఏ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారు, లెక్కలో ఏ పొరపాటును గుర్తించి సరిదిద్దారు అన్న వివరాలు ‘నేను’ అన్న మాటతో రావాలి. ‘మేము చేశాం’ అన్న వాక్యం ఆమె వ్యక్తిగత సామర్థ్యాన్ని రుజువు చేయదు. ఈ శ్రమను తప్పించుకోవాలని కొందరు సిద్ధంగా అమ్మే నివేదికలను కొంటారు. ఇంజినీర్స్ ఆస్ట్రేలియా వాటిని పాత నివేదికలతో పోల్చి చూస్తుంది. నకలు తేలితే దరఖాస్తు తిరస్కరించడమే కాక, కొంతకాలం మళ్లీ దరఖాస్తు చేయకుండా నిషేధిస్తుంది.

అక్కకు గుర్తింపు రాదని దీని అర్థం కాదు. సీడీఆర్ ద్వారా కూడా వృత్తి ఇంజినీరుగా మదింపు పొందవచ్చు. ఒప్పందం తమ్ముడికి ఆదా చేసింది ఆ నిరూపణ దశను మాత్రమే.

కంప్యూటర్ సైన్స్ పట్టాదారులు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆస్ట్రేలియాలో సాఫ్ట్‌వేర్, సమాచార సాంకేతిక ఉద్యోగాలకు సంబంధించిన మదింపును ఎక్కువగా ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ నిర్వహిస్తుంది. ఏ వృత్తి పేరుతో దరఖాస్తు చేస్తున్నారో ముందు నిర్ణయించుకున్న తరువాతే ఏ సంస్థను ఆశ్రయించాలో తెలుస్తుంది.

పట్టా గుర్తింపు వేరు, వృత్తి అనుమతి వేరు

వాషింగ్టన్ ఒప్పందం చదువుకే పరిమితం. అది ఎవరికీ ఇంజినీరుగా పనిచేసే అనుమతి ఇవ్వదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఇంజినీరింగ్ సేవలు అందించాలంటే అక్కడి బోర్డులో నమోదు కావాలి. లేదా నమోదైన ఇంజినీరు ప్రత్యక్ష పర్యవేక్షణలో పనిచేయాలి. కెనడాలో అనుమతి ఇచ్చేవి ఆయా ప్రావిన్సుల నియంత్రణ సంస్థలు. అమెరికాలో ఆ అధికారం రాష్ట్రాల బోర్డులది. వాషింగ్టన్ ఒప్పందం కింద గుర్తింపు ఉన్న పట్టా ఉన్నా పరీక్షలు, స్థానిక అనుభవం వంటి షరతులను అవి విధించవచ్చు.

అనుభవం గడించిన ఇంజినీర్ల కోసం మరో ఒప్పందం ఉంది. అది అంతర్జాతీయ వృత్తి ఇంజినీర్ల ఒప్పందం. ఇందులో భారతదేశం తరఫున ఉన్నది ఎన్‌బీఏ కాదు, 1920లో ఏర్పడి 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్. ఈ సంస్థ నిర్వహించే అంతర్జాతీయ రిజిస్టరులో చేరాలంటే గుర్తింపు పొందిన స్థాయి చదువుతోపాటు, పట్టా తరువాత కనీసం 7 సంవత్సరాల అనుభవం ఉండాలి. అందులో కనీసం 2 సంవత్సరాలు ముఖ్యమైన పనికి బాధ్యత వహించి ఉండాలి. వృత్తిపరమైన అధ్యయనాన్ని కొనసాగిస్తూ ఉండాలి. ఈ రిజిస్టరులో పేరు ఉన్నవారిని మరో సభ్యదేశ సంస్థ పరిశీలించేటప్పుడు, అప్పటికే రుజువైన అంశాలను మళ్లీ మొదటి నుంచి అడగవలసిన అవసరం తగ్గుతుంది. స్థానిక చట్టాలు, నిబంధనలపై అవగాహనను మాత్రం పరీక్షించవచ్చు. ఇక్కడా అనుమతి దానంతటదే రాదు.

చదువుకు ఒక సంస్థ, అనుభవానికి మరో సంస్థ ఉండటం వల్లనే మన దగ్గర గందరగోళం తలెత్తుతోంది. కొత్తగా పట్టా పొందినవారు ఎన్‌బీఏ జాబితాను చూడాలి. ఏళ్ల తరబడి పనిచేసినవారు దానితోపాటు ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ రిజిస్టరు అవకాశాన్ని కూడా పరిశీలించాలి.

సీటు ఎంచుకునే ముందు

ఈఏపీసెట్ లేదా ఛత్తీస్‌గఢ్ పీఈటీ కౌన్సెలింగ్‌లో కళాశాలను ఎంచుకునేవారు ఎన్‌బీఏ వెబ్‌సైటు nbaind.org లో మూడు వివరాలు చూసుకోవాలి. తాము చేరే బ్రాంచి పేరు ఆ జాబితాలో ఉందా? ఉంటే అది టైర్-1 కిందనా, టైర్-2 కిందనా? అక్రిడిటేషన్ ఏ విద్యా సంవత్సరం వరకు ఉంది? చేరే నాటికి గడువు ఉన్నా, నాలుగేళ్ల తరువాత పట్టా వచ్చే నాటికి అది తీరిపోవచ్చు. అందుకే పొడిగింపునకు కళాశాల దరఖాస్తు చేసిందో లేదో చివరి సంవత్సరంలో మరోసారి తెలుసుకోవాలి.

చదువు పూర్తయిన వారు తమ పట్టా సంవత్సరానికి వర్తించిన అక్రిడిటేషన్ లేఖ ప్రతిని కళాశాల నుంచి తీసుకుని భద్రపరచుకోవడం మంచిది. తాత్కాలిక పట్టాతో ఆగిపోకుండా అసలు పట్టాను, అన్ని సెమిస్టర్ల మార్కుల పట్టికలను కూడా విశ్వవిద్యాలయం నుంచి ముందే పొందాలి. ఒప్పందం వర్తించే అభ్యర్థికి విదేశీ సంస్థ వేసే ప్రశ్న ఒక్కటే. ఈ కోర్సు, ఈ సంవత్సరంలో, ఆ జాబితాలో ఉందా? దానికి సమాధానం చెప్పేవి ఈ కాగితాలే.