సున్నా చూపించే మాటలు: వాట్‌గంజ్ చరిత్ర చానెల్‌లో పొడవాటి కీవర్డ్‌ల తీరు

పొడవాటి కీవర్డ్‌ల మీద చర్చ వచ్చినప్పుడల్లా చాలామంది ఒక దారినే పోతారు. క్రిస్ ఆండర్సన్ 2004లో వైర్డ్ పత్రికలో రాసిన 'లాంగ్ టెయిల్' వ్యాసంతో మొదలుపెడతారు. 2008లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో అనితా ఎల్బర్స్ దాన్ని కొట్టిపారేసిన దగ్గర ఆగిపోతారు. ఆపైన చిన్న చానెళ్ళ వాళ్ళకు ఒకే సలహా మిగులుతుంది: జనం ఎక్కువగా వెతికేదే చెయ్యండి, తోకను నమ్ముకోకండి. ఈ సలహా తప్పని నా అభిప్రాయం. ఎల్బర్స్ లెక్కలతో నాకు పేచీ లేదు. ఆ లెక్కలను వెతికే మాటలకు అంటగట్టడంతోనే పేచీ.

ఆమె చూసింది రాప్సొడీ అనే సంగీత సర్వీసులో వినికిళ్ళను, ఆస్ట్రేలియాలోని క్విక్‌ఫ్లిక్స్‌లో డీవీడీల అద్దెలను. రాప్సొడీలో పైనున్న 10 శాతం పాటలకే 78 శాతం వినికిళ్ళు దక్కాయి. ఎవరికీ తెలియని సరుకు జోలికి పోయేది బాగా అలవాటున్న వినియోగదారులేననీ, వాళ్ళకైనా అది పేరున్న సరుకంత నచ్చదనీ ఆమె చూపించారు. 1963లోనే విలియం మెక్‌ఫీ చెప్పిన సూత్రాలను దీనికి ఆధారంగా తెచ్చారు. పాటల వరకూ ఇదంతా ఒప్పుకోవచ్చు. ఒక పాట నచ్చని మనిషి ఇంకో పాట వింటాడు. ఒప్పంద కూలీగా ఓడెక్కిన తాత పేరున్న ఎమిగ్రేషన్ పాస్ చేతిలో పెట్టుకుని, దాని మీద 'థానా' అన్న గడిలో ఏం రాసి ఉందో తేల్చుకోలేక సెర్చ్‌లోకి వచ్చిన మనిషికి మాత్రం పేరున్న మరో వీడియో పనికిరాదు. ఎల్బర్స్ కొలిచింది ఇష్టాన్ని. ఇక్కడ కొలవాల్సింది అవసరాన్ని. యూట్యూబ్‌లో మొత్తం చూపుల్లో పెద్ద చానెళ్ళదే పెద్ద వాటా అన్నది నిజమే. అయితే ఆ వాటాకూ, పాస్ పట్టుకుని వచ్చిన ఈ మనిషికీ సంబంధం లేదు.

నా పరిశీలన వాట్‌గంజ్‌లో ఉండే ఒక తెలుగు కుర్రవాడి చానెల్ మీద జరిగింది. చందాదారులు కొద్దిమంది, విషయం ఒక్కటే: కలకత్తా రేవు నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారి జాడలు. ఆ విషయానికి వాట్‌గంజ్ కంటే తగిన చోటు లేదు. 18వ శతాబ్దం చివర ఇక్కడ డాక్ కట్టబూనిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఈ పేటకు నిలిచింది. హుగ్లీ ఒడ్డునే కాస్త ముందుకు వెళితే గార్డెన్ రీచ్, సూరినామ్ ఘాట్ వస్తాయి. ఆ కూలీలను ఓడ ఎక్కించేముందు ఉంచిన ఖిదిర్‌పూర్ డిపో జ్ఞాపకంగా 2011లో ఒక ఫలకం పెట్టారు. 2015లో అదే ఒడ్డున సూరినామ్‌లోని బాబా, మాయి విగ్రహాల ప్రతిరూపం ఆవిష్కరించారు. కుర్రవాడు ఇవన్నీ చక్కగా చిత్రీకరించాడు. అయితే మొదట్లో పెట్టిన టైటిళ్ళు "Kolkata history", "Khidirpur vlog" లాంటివి. ఆ మాటలు టైపు చేసి చూస్తే ఏళ్ళ తరబడి నిలబడ్డ వీడియోలు వరుస కడతాయి. నిన్న మొన్న పుట్టిన చానెల్‌ను వాటిపైకి ఎక్కించడానికి యూట్యూబ్ దగ్గర కారణమే ఉండదు.

మరి మాటలు ఎక్కడి నుంచి తేవాలి? కీవర్డ్ టూల్ నుంచి అని అందరూ చెబుతారు. నేను పాస్ నుంచి అంటాను. ఫిజీకి వెళ్ళినవారి పాస్ ఒకటి ముందు పెట్టుకుని చూడండి. పైన ఓడ పేరు, డిపో నంబరు. కింద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, దగ్గరి బంధువు పేరు, జిల్లా, థానా, ఊరు, ఒంటి మీది గుర్తులు. వారసులు ఆ కాగితాన్ని చదువుతూనే టైపు చేస్తారు. అందుకే వాళ్ళ మాటల్లో నేటి పటం ఉండదు, నాటి గుమాస్తా రాత ఉంటుంది. Kolkata అని 2001లో మార్చుకున్నది మనం. జార్జ్‌టౌన్‌లో, సువాలో ఉన్న వారసులకు అది ఇప్పటికీ Calcutta. మన బోర్డుల మీద Khidirpur అని ఉన్నా వాళ్ళ కాగితంలో Kidderpore అని ఉంటుంది. Watgunge, Watganj రెండూ చలామణిలో ఉన్నాయి. యూట్యూబ్ తన సహాయ పేజీల్లో ట్యాగ్‌లకు పెద్ద ప్రాధాన్యం లేదని చెబుతూనే, జనం తరచు తప్పుగా రాసే పేర్లకు మాత్రం అవి పనికొస్తాయంటుంది. ఈ పేట విషయంలో ఆ మినహాయింపే అసలు నియమం. ట్యాగ్‌లకిచ్చిన 500 అక్షరాలనూ ఈ రూపాంతరాలతో నింపడమే సరైన వాడకం.

"సార్, ఈ మాటలకు టూల్‌లో సున్నా చూపిస్తోంది కదా" అని కుర్రవాడు నిలదీశాడు. ఆ సున్నా సంగతి వివరంగా చెప్పుకోవాలి. గూగుల్ కీవర్డ్ ప్లానర్ ప్రకటనలు కొనేవారి కోసం పుట్టింది. అది లెక్కపెట్టేది గూగుల్ సెర్చ్‌ను, యూట్యూబ్ సెర్చ్‌ను కాదు. గడప దాటని చిన్న సంఖ్యలను అది చూపించదు. గూగుల్ ట్రెండ్స్‌లో యూట్యూబ్ సెర్చ్ అని విడిగా ఎంచుకోవచ్చుగానీ, అక్కడా ఇలాంటి మాటలకు చాలినంత డేటా లేదన్న జవాబే వస్తుంది. కాబట్టి సున్నా అంటే ఎవరూ వెతకడం లేదని కాదు, టూల్ చూపు అంతదూరం ఆనడం లేదని. దానికి బదులు చేయాల్సింది ఇది: లాగిన్ లేని ప్రైవేట్ విండోలో యూట్యూబ్ తెరిచి మాటలో సగం టైపు చేసి ఆగాలి, కింద రాలే సూచనలు రాసుకోవాలి. తర్వాత పూర్తి మాట టైపు చేసి మొదటి ఐదారు వీడియోలను తెరిచి చూడాలి. టైటిల్‌లో ఆ మాట ఉందా లేదా అన్నది సగం పరీక్షే. లోపల ఆ ప్రశ్నకు జవాబు ఉందా అన్నది మిగతా సగం. జవాబు లేకపోతే, ఆ వీడియోలకు లక్షల చూపులున్నా ఆ చోటు ఖాళీగా ఉన్నట్టే.

ఒక ఉదాహరణ చివరిదాకా నడిపిస్తాను. 1873 ఫిబ్రవరిలో కలకత్తా నుంచి బయలుదేరి జూన్‌లో సూరినామ్ చేరిన మొదటి ఓడ లల్లా రూఖ్. కుర్రవాడు ముందు "Lalla Rookh story" అని పెట్టాడు. అయితే అదే పేరుతో థామస్ మూర్ 1817లో రాసిన కావ్యం ఒకటి ఉంది. దాని కోసం వచ్చినవాళ్ళు హుగ్లీ ఒడ్డు చూసి వెంటనే వెళ్ళిపోయారు. పేరుకు ఓడ, సంవత్సరం చేరగానే కావ్యం పక్కకు తప్పుకుంటుంది: "Lalla Rookh ship 1873". ఇంకో మెట్టు దిగి, చూసేవాడు చేయబోయే పనిని చేర్చాలి: "Lalla Rookh ship 1873 how to find passenger names". ఇక్కడ పోటీ దాదాపు మాయమవుతుంది. వారసుల్లో చాలామంది ఇప్పుడు నెదర్లాండ్స్‌లో ఉన్నారు కాబట్టి డిస్క్రిప్షన్‌లో "Hindostaanse voorouders zoeken" అన్న డచ్ మాట కూడా ఒక వాక్యంలో ఇమడ్చాలి. సూరినామ్ వెళ్ళినవారి పేర్ల జాబితాను డచ్ జాతీయ అభిలేఖాగారం ఆన్‌లైన్‌లో ఉంచింది. వీడియోలో ఆ జాబితా తెరిచి ఒక పేరు వెతికి చూపించకపోతే టైటిల్ ఇచ్చిన మాట తప్పినట్టే. టైటిల్‌కు 100 అక్షరాల దాకా వీలుంది. కానీ ఫోన్‌లో ముందు భాగమే కనిపిస్తుంది కనుక ఓడ పేరు, సంవత్సరం మొదట రావాలి.

మాట సరిగ్గా కుదిరిందో లేదో స్టూడియోలో తెలుస్తుంది. ట్రాఫిక్ సోర్స్‌లో యూట్యూబ్ సెర్చ్ తెరిస్తే జనం టైపు చేసిన మాటలు కనిపిస్తాయి. చాలా తక్కువ మంది వాడినవి అక్కడా పూర్తిగా కనిపించవు. వీడియో చాలామంది తెరలపైకి వస్తున్నా క్లిక్‌లు పడకపోతే టైటిల్ వేరే జనానికి తగిలిందన్నమాట. క్లిక్ పడి మొదటి అర నిమిషంలోనే గ్రాఫ్ కూలిపోతే టైటిల్ సరే, జవాబు ఆలస్యమైంది. లల్లా రూఖ్ వీడియోలో మొదట జరిగింది ఈ రెండోది: విషయానికి ముందు ఖిదిర్‌పూర్ వీధుల దృశ్యాలు సాగాయి. వాటిని చివరికి జరిపి జాబితాను ముందుకు తెచ్చాక గ్రాఫ్ నిలబడింది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. నెలకు 30 మంది వెతికే మాటలు 20 ఉన్నాయనుకుంటే మొత్తం 600 వెతుకులాటలు. పదిమందిలో ఒకరు క్లిక్ చేసి సగటున 6 నిమిషాలు చూస్తే నెలకు 6 గంటలు, ఏడాదికి 72 గంటలు. ప్రకటనల ఆదాయానికి కావాల్సినవి 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటలు. పొడవాటి కీవర్డ్ ఆ గడప దాటించదు. ఆ వచ్చినవాళ్ళు రాసే కామెంట్లు మాత్రం తర్వాతి మాటలకు విత్తనాలు: ఓడ పేరు, ఊరి పేరు, తమ పాస్ మీది రాత అన్నీ అందులోనే ఉంటాయి.

తెలుగువారి దగ్గరికి వస్తే కలకత్తా అన్న మాటే అడ్డం తిరుగుతుంది. ఫిజీకి మొదటి ఓడ లియోనిడాస్ 1879లో ఇక్కడి నుంచే వెళ్ళింది. కానీ దక్షిణాది కూలీలను ఫిజీకి తీసుకెళ్ళడం 1903లో మద్రాసు రేవు నుంచి మొదలైంది. నేటాల్‌కు 1860లో చేరిన మొదటి ఓడ ట్రూరో కూడా మద్రాసు నుంచి వెళ్ళిందే. కుర్రవాడు "Telugu people Calcutta to Fiji" అని పెట్టిన వీడియోకు వచ్చినవాళ్ళు తమ తాతల ఓడ అందులో లేక నిరాశపడ్డారు. రేవు తప్పితే మాట ఎంత పొడవైనా దండగే. మారిషస్ తెలుగువారి సంగతి ఇంకా స్పష్టం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినందువల్ల అక్కడ వారిని Coringa అని పిలిచేవారు. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న వలస రికార్డుల కోసం బయలుదేరిన వారసుడు ఆ పేరుతోనే వెతుకుతాడు. మనవాళ్ళు 'కోరంగి మడ అడవులు' అని టైటిల్ పెడతారు, ఆ వారసుడికి అది ఎప్పటికీ తగలదు. Vizagapatam, Ganjam విషయంలోనూ ఇదే జరుగుతోంది. తెలుగు చరిత్ర మీద వచ్చే వీడియోలు ప్రవాస తెలుగు కుటుంబాలకు అందకపోవడానికి అసలు కారణం ఆసక్తి లేకపోవడం కాదు, టైటిళ్ళను నేటి పటం చూసి రాయడమే అని నేను నమ్ముతున్నాను. కుర్రవాడి తర్వాతి వీడియోకు మేమిద్దరం కలిసి రాసుకున్న మాట ఇది: "Coringa ancestors Mauritius how to find ship name". ప్రైవేట్ విండోలో దాన్ని వెతికితే పైకి వచ్చినవన్నీ మడ అడవుల పడవ షికార్లు. ఒక్కదానిలోనూ ఓడ లేదు.